'మా' అనలేని చోట ఫ్రెంచివాళ్లు 'మోఁ' అంటారు

నా నోటుబుక్కులో ఒకే వాక్యానికి రెండుసార్లు ఎర్రసిరా పడింది. వాక్యం చాలా చిన్నది: "నా బడి పెద్దది." సాయంత్రం పూట ఫ్రెంచి క్లాసుకి వెళ్తున్న మొదటి నెల అది. బడిని 'ఎకోల్' అంటారు, అది స్త్రీలింగం, స్త్రీలింగం ముందు 'నా' అనడానికి 'మా' వాడాలి అని అప్పటికే నేర్పారు. తెలుగువాడికి ఇంతకంటే సుఖమైన పాఠం ఉండదు. "మా ఎకోల్" అని ధీమాగా రాశాను. మేడమ్ ఆ 'మా' కొట్టేసి పైన 'మోఁ' అని దిద్దారు.

'మోఁ' అన్నది పురుషలింగానికి వాడే 'నా'. ఓహో, ఎకోల్ మగమాట కాబోలు, నేనే తప్పుగా గుర్తుపెట్టుకున్నాను అనుకుని వాక్యమంతా మళ్లీ రాశాను. ఈసారి తెలివిగా 'పెద్ద' అనే మాటని కూడా పురుషలింగంలోకి మార్చి 'గ్రాఁ' అని పెట్టాను. మేడమ్ దాన్నీ కొట్టేశారు. 'గ్రాఁద్' అని స్త్రీలింగ రూపం రాసి, పుస్తకం నా వైపు తోస్తూ "ఎకోల్ ఇంకా ఆడదేనండీ" అన్నారు.

ముందున్న 'నా' మగ రూపంలో, వెనకున్న 'పెద్ద' ఆడ రూపంలో, మధ్యలో బడి. "మోఁనెకోల్ ఎ గ్రాఁద్." ఫ్రెంచి మొదలుపెట్టిన ప్రతివాళ్లూ ఈ వాక్యం దగ్గరో, ఇలాంటి ఇంకో వాక్యం దగ్గరో ఒకసారి పడి లేస్తారు. చాలామంది దీన్ని లింగాల గొడవ అనుకుని మినహాయింపుల జాబితాలో రాసుకుంటారు. నా లెక్కలో ఇది లింగం గొడవే కాదు, సంధి. సంధులు బట్టీపట్టి పరీక్షలు రాసిన మనకి దీన్ని అర్థం చేసుకోవడానికి కావలసిన సరంజామా ఇంట్లోనే ఉంది.

ముందు రాత సంగతి ఒకమాట. ఫ్రెంచి మాటల్ని ఇక్కడ తెలుగు లిపిలో, పలికే తీరుకి దగ్గరగా రాస్తున్నాను. అరసున్న కనిపించిన చోట 'న' పూర్తిగా పలకదు, ముందున్న అచ్చు ముక్కులో మోగుతుంది. మనం రాయడం మానేసిన అరసున్నకి ఇంతకంటే మంచి కొలువు నాకు దొరకలేదు.

ఇక లింగం సంగతి తేల్చుకుని సంధికి పోదాం. తెలుగులో 'నా' మారదు. నా కొడుకు, నా కూతురు, నా కుర్చీ, అన్నిటికీ ఒకటే. హిందీలో అలా కాదు: మేరా భాయి, మేరీ బహెన్. హైదరాబాదులో పెరిగిన తెలుగువాళ్లు 'మేరా', 'మేరీ' కలగాపులగం చేసి ఎన్నిసార్లు నవ్వులపాలయ్యారో లెక్కలేదు. ఫ్రెంచి సరిగ్గా హిందీ దారిలోనే నడుస్తుంది. నాన్న 'పేర్', కాబట్టి మోఁ పేర్. అమ్మ 'మేర్', కాబట్టి మా మేర్. వస్తువులకీ లింగం ఉంది: పుస్తకం మగది, మోఁ లీవ్ర్, ఇల్లు ఆడది, మా మెజోఁ. 'నీ' అనడానికి తోఁ, తా. 'అతని, ఆమె' అనడానికి సోఁ, సా. ఉన్నవి ఒకటికంటే ఎక్కువైతే లింగభేదం పోయి మే, తే, సే అవుతాయి.

ఇందులో తెలుగువాళ్లు తడబడేది సోఁ, సా దగ్గర. మనకి సొంతదారు ఆడా మగా అన్నది ముఖ్యం: అతని తల్లి, ఆమె తల్లి. ఫ్రెంచికి సొంతదారుతో పనిలేదు, సొంతమైనదాని లింగమే కావాలి. 'సా మేర్' అంటే అతని తల్లి కావచ్చు, ఆమె తల్లి కావచ్చు. తల్లి ఆడమనిషి కాబట్టి 'సా', అంతే. హిందీలో 'ఉస్‌కీ మా' కూడా ఇంతే కదా. తప్పనిసరిగా తేల్చి చెప్పాల్సివస్తే చివర 'ఆ లుయి' అని చేర్చి అతనిదనీ, 'ఆ ఎల్' అని చేర్చి ఆమెదనీ చెబుతారు. మనకి 'తన' అనే చక్కని మాట ఉంది. "వాడు తన పెళ్లాన్ని ప్రేమిస్తాడు", "వాడు అతని పెళ్లాన్ని ప్రేమిస్తాడు" అన్నవాటి మధ్య ఒక సంసారం కూలిపోయేంత తేడా ఉంది. ఫ్రెంచిలో రెండిటికీ 'సా ఫామ్' అనే ఒక్క మాటే. ఫ్రెంచి నవలలు తెలుగులోకి తెచ్చేవాళ్లు ప్రతి పేజీలోనూ ఆగి ఈ లెక్క తేల్చుకోవలసిందే.

ఇప్పుడు అసలు చోటుకి వద్దాం. 'మా' చివర అచ్చు. 'ఎకోల్' మొదట అచ్చు. రెండు అచ్చులు ఎదురుపడ్డాయి.

ఈ ఎదురుపాటు తెలుగుకీ పడదు. మా, అమ్మ అనే రెండు మాటల్ని గబగబా కలిపి అనండి. మధ్యలో 'య' దానంతట అదే వచ్చి కూర్చుంటుంది: మాయమ్మ. అలాగే మీయిల్లు, మాయూరు. చిన్నప్పుడు యడాగమం అని చదువుకున్నది ఇదే. ఇది ఒక ఉపాయం. రెండో ఉపాయం ఒక అచ్చుని తీసిపారేయడం: మేన, అత్త కలిస్తే మేనత్త. మొదటిమాట చివరి 'అ' ఎగిరిపోయింది. ఎదురుపడ్డ అచ్చుల మధ్య ఒక హల్లుని నిలబెట్టడమో, ఒక అచ్చుని పంపించేయడమో, మన సంధుల్లో చాలావాటి సారం ఈ రెండే.

ఫ్రెంచికి మేనత్త పద్ధతి బాగా తెలుసు. ఇంగ్లీషు 'ది' లాగా నామవాచకం ముందు వచ్చే 'లా' అనే మాట ఉంది. అది ఎకోల్‌తో కలిస్తే 'లా ఎకోల్' కాదు, 'లెకోల్'. 'లా'లోని అచ్చు పోయి 'ల్' మిగిలింది. అయితే 'మా ఎకోల్' కూడా 'మెకోల్' అవ్వాలి కదా? ఈ ప్రశ్న క్లాసులో నేనూ అడిగాను. అడగవలసిన ప్రశ్నే, ఎందుకంటే ఒకప్పుడు అలాగే అనేవారు.

పాత ఫ్రెంచిలో 'మా', 'అమీ' కలిస్తే 'మమీ'. అమీ అంటే స్నేహితురాలు, ప్రియురాలు. కత్తిని అప్పట్లో 'ఎస్పే' అనేవారు, నా కత్తి అంటే 'మెస్పే'. అచ్చంగా మేనత్త పద్ధతి. పన్నెండో శతాబ్దం నుంచి మెల్లగా కొత్త అలవాటు ఒకటి తలెత్తింది. అచ్చుతో మొదలయ్యే ఆడమాట ముందు 'మా'ని కోసి అతికించే బదులు, పక్కింటి నుంచి 'మోఁ'ని అరువు తెచ్చుకోవడం. 'మోఁ' చివర ముక్కులో దాక్కున్న 'న' ఉంది కదా, అచ్చు కనబడగానే అది బయటికి వస్తుంది: మోఁ, అమీ కలిస్తే మోఁనమీ. అచ్చుల మధ్య హల్లు నిలబడింది, గొడవ తీరిపోయింది. పద్నాలుగు, పదిహేను శతాబ్దాలకి వచ్చేసరికి పాత పద్ధతి మీద కొత్తదే గెలిచింది.

ఎందుకు గెలిచింది అంటే నాకు తోచిన కారణం ఇది. 'ల్' అన్నది ఒంటి హల్లు అయినా నష్టం లేదు, దానికి పెద్ద అర్థం ఏమీ లేదు. 'నా' అన్నది అలా కాదు. ఎవరిదన్న మాట వినబడాలి. 'మమీ' అన్నప్పుడు ఆ 'నా' అంతా ఒక్క 'మ్'లో ఇరుక్కుంది, చెవిని దాటిపోవడం సులభం. 'మోఁన' అంటే నిండుగా వినబడుతుంది.

ఓడిపోయిన పద్ధతి కూడా ఒక గుర్తు వదిలి వెళ్లింది. 'మమీ' అనే మాట ఎక్కడ విరగాలో తర్వాతితరాల వాళ్లు మరచిపోయారు. 'మ్' ఒకటి, 'అమీ' ఒకటి అని విరవాల్సినదాన్ని 'మా' ఒకటి, 'మీ' ఒకటి అని విరిచి రాసుకున్నారు. అలా 'మీ' అనే కొత్తమాట పుట్టింది. ప్రియురాలిని 'మా మీ' అని పిలవడం పాత పాటల్లో, నాటకాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. ఫ్రెంచిలో రొట్టె లోపలి మెత్తని భాగాన్నీ 'మీ' అనే అంటారు. రెండిటికీ చుట్టరికం లేదు గానీ, ఆ సంగతి తెలియని విద్యార్థి 'నా రొట్టెముక్కా' అని ప్రేమగా అనువదించుకుంటే తప్పుపట్టడం కష్టం.

కాబట్టి 'మోఁనెకోల్'లో బడి మగది కాలేదు. ముందు నిలబడిన మాట మాత్రమే మగవేషం కట్టింది, అదీ నోటి సౌకర్యం కోసం. అందుకే బడి గురించి తర్వాత ఏం చెప్పినా ఆడ రూపంలోనే చెప్పాలి: గ్రాఁ కాదు, గ్రాఁద్. నా రెండో ఎర్రసిరా గీత కథ ఇదీ. ఈ వేషం కట్టేవి మూడే మూడు: మా, తా, సా. 'మన' అనడానికీ 'మా' అనడానికీ కలిపి ఫ్రెంచిలో 'నోత్ర్' అంటారు (మన, మా అనే భేదం వాళ్లకి లేదు పాపం), దానికి లింగభేదమే లేదు కాబట్టి ఈ తంటా లేదు. బహువచనాల్లోనూ లేదు. అక్కడ దాగి ఉన్న 'జ్' బయటికి వస్తుంది: మే, అమీ కలిస్తే 'మేజమీ', నా స్నేహితులు లేక స్నేహితురాళ్లు.

'ఈ' అనే మాటకి వస్తే వేషం అటుదిటు అవుతుంది. మగమాట ముందు 'సె', ఆడమాట ముందు 'సెత్', బహువచనంలో 'సే'. సె లీవ్ర్ అంటే ఈ పుస్తకం, సెత్ మెజోఁ అంటే ఈ ఇల్లు. ఇక్కడ ఆడమాటకి ఏ చిక్కూ లేదు. 'సెత్' చివర హల్లు ఉంది కాబట్టి అచ్చు వచ్చినా ఢీకొట్టదు: సెతెకోల్. చిక్కంతా మగమాటకి. చెట్టు 'ఆర్బ్ర్', మగది. 'సె ఆర్బ్ర్' అంటే మళ్లీ అచ్చుల ఎదురుపాటు. అందుకని 'సెతార్బ్ర్' అంటారు. 'నా' దగ్గర ఆడమాట మగ రూపం తెచ్చుకుంటే, 'ఈ' దగ్గర మగమాట ఆడ రూపంలా వినిపించేదాన్ని తెచ్చుకుంది.

వినిపించేది అన్నానే గానీ, రాతలో రెండూ ఒకటి కావు. మగమాట ముందు వచ్చే 'సెత్' స్పెల్లింగు సి, ఇ, టి, మూడక్షరాలు. ఆడమాట ముందు వచ్చే 'సెత్' సి, ఇ, టి, టి, ఇ, అయిదక్షరాలు. చెవికి రవ్వంత తేడా లేదు.

ఈ 'త' ఎక్కడి నుంచి వచ్చిందన్నది నాకు బాగా నచ్చిన విషయం. మన భాషలో నిలువు, అద్దం కలిస్తే నిలువుటద్దం. పల్లె, ఊరు కలిస్తే పల్లెటూరు. ఆ 'ట' మొదటిమాటలో లేదు, రెండోమాటలో లేదు, మధ్యలో పుట్టుకొచ్చింది. ఫ్రెంచి 'త' కూడా అలా పుట్టుకొచ్చిందనే నేను చాలాకాలం అనుకున్నాను. వాస్తవం తలకిందులు. లాటిన్‌లో 'ఇదిగో ఈ' అన్నట్టు 'ఎక్కె', 'ఇస్తె' అనే రెండు మాటల్ని కలిపి వాడారు. అది నలిగి పాత ఫ్రెంచిలో 'సెస్త్' అయింది. ముందు 'స' అరిగిపోయింది. తర్వాత హల్లు ముందు వచ్చినప్పుడల్లా 'త' కూడా అరిగిపోయి 'సె' మిగిలింది. అచ్చు ముందు మాత్రం 'త' బతికి బట్టకట్టింది. అంటే 'సెత్' అన్నది 'సె'కి ఏదో చేరిస్తే వచ్చింది కాదు. 'సె' అన్నదే 'సెత్' అరిగితే మిగిలింది. మనవాళ్ల 'ట' అద్దెకొచ్చినది, వాళ్ల 'త' పాత ఇంటివాడు.

పక్కమాటని బట్టి రూపం మార్చే 'ఈ', 'ఆ' మనకీ ఉన్నాయి. 'ఈ కాలము' కాస్తా పద్యంలో 'ఇక్కాలము' అవుతుంది, 'ఆ కన్య' 'అక్కన్య' అవుతుంది. త్రికసంధి. 'ఆ అమ్మ' మాటల్లో 'ఆయమ్మ' అవుతుంది. మనం వద్దనుకుంటే విడదీసి కూడా అనవచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఫ్రెంచిలో ఆ వెసులుబాటు లేదు. 'మా ఎకోల్', 'సె ఆర్బ్ర్' అన్నవి తప్పులు, అంతే.

ఇంతవరకూ అర్థమైన విద్యార్థి తర్వాత పడే గొయ్యి ఒకటుంది. "ఎకోల్‌కి మోఁ వస్తుంది" అని బట్టీపడతాడు. ఎకోల్‌కి రాదు. వెంటనే వచ్చే మాట ఏదైతే దాని మొదటి చప్పుడుని బట్టి వస్తుంది. మధ్యలో విశేషణం దూరితే లెక్క మొత్తం మారిపోతుంది. స్నేహితురాలితోనే చూద్దాం. నా స్నేహితురాలు: మోఁనమీ. నా కొత్త స్నేహితురాలు: కొత్త అంటే 'నూవెల్', హల్లుతో మొదలైంది, ఎదురుపాటు లేదు, కాబట్టి 'మా' తిరిగొచ్చింది, మా నూవెలమీ. నా ఒకప్పటి స్నేహితురాలు: 'ఆఁస్యెన్' అచ్చుతో మొదలైంది, మళ్లీ 'మోఁ', మోఁనాఁస్యెనమీ. మనిషి ఒక్కతే, ఆడమనిషే, మధ్యలో ఏ మాట నిలబడిందన్నదే తేడా. ఇంటికీ అంతే: మా మెజోఁ అన్నవాళ్లే, ఖాళీచేసి వచ్చిన పాత ఇంటి గురించి చెప్పేటప్పుడు మోఁనాఁస్యెన్ మెజోఁ అంటారు. చెట్టు సంగతి దీనికి అద్దంలో ప్రతిబింబం. సెతార్బ్ర్ అంటే ఈ చెట్టు, కానీ ఈ పెద్ద చెట్టు అంటే సె గ్రాఁతార్బ్ర్. గ్రాఁ రాతలో 'డి' అక్షరంతో ముగుస్తుంది, విడిగా ఉంటే ఆ 'డి' పలకదు, అచ్చు ముందు పలుకుతుంది, అదీ 'త'లా పలుకుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా. 'పెతీత్' అంటే చిన్న. 'మా పెతీతమీ' అంటే చిన్న స్నేహితురాలు అనుకుని వయసులో చిన్నదైన స్నేహితురాలిని అలా పరిచయం చేయకండి. దానర్థం గర్ల్‌ఫ్రెండ్.

అచ్చా, హల్లా అన్నది చప్పుడుని బట్టి అన్నాను. అక్కడ ఫ్రెంచి ఒక మోసం చేస్తుంది. హెచ్ అనే అక్షరం ఫ్రెంచిలో పలకదు. కథ అనడానికి రాతలో హెచ్‌తో మొదలయ్యే మాట నోట్లో 'ఇస్త్వార్'. ఆడమాట, అచ్చు చప్పుడు, కాబట్టి మోఁనిస్త్వార్. మగవాడు 'ఒమ్', దానికీ రాతలో ముందు హెచ్ ఉంది, కాబట్టి సెతొమ్. ఇంతవరకూ బాగానే ఉంది. గొడ్డలి 'ఆష్', ఆడమాట, రాతలో హెచ్. అలవాటు కొద్దీ 'మోఁనాష్' అంటారేమో. తప్పు. మా ఆష్ అనాలి. రెండు అచ్చులూ ఎదురెదురుగా నిలబడి ఉండగానే పలకాలి. సిగ్గు 'ఓఁత్', అదీ అంతే: మా ఓఁత్.

ఎందుకంటే ఫ్రెంచిలోని పలకని హెచ్‌లు రెండు జాతులు. ఇస్త్వార్, ఒమ్ లాంటివి లాటిన్ నుంచి వచ్చాయి, లాటిన్ చివరి రోజుల్లోనే వాటి హెచ్ మూగబోయింది. గొడ్డలి, సిగ్గు లాంటి మాటలు ఫ్రాంకులనే జర్మనీజాతి జనంతో వచ్చాయి. వాళ్లు హ-కారాన్ని గట్టిగా పలికేవారు. తర్వాత శతాబ్దాల్లో ఆ చప్పుడూ పోయింది గానీ, ఒకప్పుడు హల్లు ఉన్న చోటు ఖాళీగానే ఉండిపోయింది. అక్కడ ఎవరూ కూర్చోరు. మనిషి చనిపోయినా వాలుకుర్చీలో ఎవరూ కూర్చోని ఇళ్లు ఉంటాయి కదా, అలా.

ఏ హెచ్ ఏ జాతిదో చెవికి తెలియదు, కంటికి తెలియదు, నిఘంటువు చూసుకోవలసిందే. చాలా నిఘంటువులు ఈ రెండోరకం మాట ముందు చుక్కగుర్తు పెడతాయి. పైగా పుట్టుకని బట్టి తేల్చుకుందామన్నా ప్రతిచోటా కుదరదు. వీరుడు 'ఎరో', లాటిన్ మాటే, అయినా 'సె ఎరో' అనాలి, 'సెతెరో' కాదు. వీరనారి 'ఎరొఈన్' మాత్రం మామూలు హెచ్: మోఁనెరొఈన్. ఒకే ఇంట్లో అన్నకో చట్టం, చెల్లెలికో చట్టం. వీరులు అనే బహువచనాన్ని కలిపి పలికితే 'సున్నాలు' అని వినబడుతుందని, ఆ పరువునష్టం తప్పించడానికే అలా చేశారని అంటారు. చిక్కుడుజాతి గింజలని 'ఆరికో' అంటారు, దాని ముందు 'సె' ఉండాలి. ఫ్రాన్సులోనే దీన్ని 'సెతారికో' అనేసి పెద్దలతో చీవాట్లు తినేవాళ్లు ఉన్నారు.

ఈ సంధి ఏర్పాటు నోటికి ఎంత సుఖమో, చెవికి అంత కష్టం. 'సెత్' అని వినబడితే మాట మగదో ఆడదో తెలియదు. 'మోఁన' అని వినబడినా తెలియదు. 'ల్' అని వినబడినా తెలియదు. అచ్చుతో మొదలయ్యే మాటల లింగాన్ని ఈ మూడూ కలిసి కప్పేస్తాయి. అందుకే ఫ్రెంచివాళ్లు సైతం తడబడే మాటలు చూస్తే వాటిలో చాలా అచ్చు చప్పుడుతో మొదలయ్యేవే. నిఘంటువులో పెట్టే ఆ చుక్కగుర్తు పేరే 'ఆస్తెరిస్క్', మగమాట, ఆడమాటగా వాడేవాళ్లు కొల్లలు. మధ్యాహ్నాన్ని 'అప్రేమిది' అంటారు. ఈ మధ్యాహ్నం అంటే 'సెతప్రేమిది'. అది మగదా ఆడదా అన్న వాదన తెగక నిఘంటువులు రెండూ సరే అన్నాయి. మూడక్షరాల 'సెత్' రాయండి, అయిదక్షరాలది రాయండి, వినేవాడికి ఒకటే.

కాబట్టి కొత్తమాట నేర్చుకునేటప్పుడు 'మోఁ'తోనో 'ల్'తోనో కలిపి గుర్తుపెట్టుకోవడం దండగ. 'ఒక' అనే మాటతో కలిపి నేర్చుకోవాలి. మగమాటకి అది 'అఁ', ఆడమాటకి 'ఊన్'. అచ్చు వచ్చినా తేడా దాగదు: అఁనార్బ్ర్, ఊనెకోల్. మా మేడమ్ తర్వాత మాచేత అచ్చుమాటలన్నీ ఇలాగే రాయించారు.

దగ్గర, దూరం సంగతి చెప్పకుండా 'ఈ'ని వదలకూడదు. మనకి 'ఈ' వేరు, 'ఆ' వేరు. ఫ్రెంచి 'సె' రెండిటికీ ఒకటే. సె లీవ్ర్ అంటే ఈ పుస్తకం, ఆ పుస్తకం కూడా. బల్లమీద రెండు పుస్తకాలుండి, విడదీసి చెప్పక తప్పనప్పుడు మాట వెనక తోక తగిలిస్తారు: సె లీవ్ర్ సి, ఈ పుస్తకం, సె లీవ్ర్ లా, ఆ పుస్తకం. లేకపోతే అక్కర్లేదు. దీనివల్ల వచ్చే తమాషా 'సెత్ న్యుయి' అన్నదాంట్లో ఉంది. న్యుయి అంటే రాత్రి. పొద్దున్నే లేచి "సెత్ న్యుయి నిద్రపట్టలేదు" అంటే గడిచిన రాత్రి. అదే మనిషి సాయంత్రం "సెత్ న్యుయి వాన పడుతుంది" అంటే రాబోయే రాత్రి. రెండిటికీ 'ఈ రాత్రి' అని తెలుగు చేస్తే మొదటిది బొత్తిగా పిచ్చిమాట అవుతుంది.

చివరికి ఇదంతా ఒక్కచోట కలిసింది డిక్టేషన్ రోజున. మేడమ్ చదువుతారు, మేం రాస్తాం. మొదటి వాక్యం: "మోఁనమీ ఎ లా." నా ఫ్రెండు అక్కడ ఉంది, లేదా ఉన్నాడు. స్నేహితుడూ 'అమీ'యే, స్నేహితురాలూ 'అమీ'యే. రాతలో స్నేహితురాలికి చివర పలకని ఒక 'ఇ' ఎక్కువ. ఒకప్పటి ఫ్రెంచిలో అయితే 'మమీ' అనేవారు, ఆడమనిషని అక్కడే తెలిసిపోయేది. ఇప్పుడు 'మోఁన' ఆ సంగతి మింగేసింది. నేను పెన్ను ఎత్తి పక్కనున్న కుర్రాణ్ని చూశాను. అతనూ నన్నే చూస్తున్నాడు. "మేడమ్, ఆడా మగా?" అని వెనకనుంచి ఒకావిడ అడిగారు. మేడమ్ తల అడ్డంగా ఊపి రెండో వాక్యం చదివారు. అది 'ఎల్' అని, అంటే 'ఆమె' అని, మొదలైంది. గదిలో పెన్నులన్నీ పై గీతలోకి వెళ్లి ఒక 'ఇ' చేర్చి వచ్చాయి.